గర్భిణి, విమానం, వారాల లెక్క

ప్రశ్న: మా బిడ్డ దుబాయ్‌ల ఉంటది. మొదటి కాన్పు. తొమ్మిదో నెల పడంగనే తల్లిగారింటికి తెచ్చుకుందామని అనుకుంటున్నం. విమానం ఎక్కనిస్తరా? (మహబూబ్‌నగర్)

జవాబు: తొమ్మిదో నెల దాకా ఎందుకు ఆగాలమ్మా? మనం లెక్కపెట్టేది నెలలు, కౌంటర్‌లో అడిగేది నిండిన వారాలు. చివరి నెలసరి మొదటి రోజు జనవరి 5 అనుకుందాం. మీ లెక్కలో తొమ్మిదో నెల పడేది సెప్టెంబర్ 5న. అప్పటికి 34 వారాల 5 రోజులు. ఎమిరేట్స్ అయితే ఒక్క బిడ్డ ఉన్నవాళ్లను 36 వారాలు దాటాక ఎక్కించుకోదు. అంటే మీ చేతిలో ఉండేది సెప్టెంబర్ 14 వరకు, 9 రోజులే. ఈలోగా బీపీ పెరిగినా, ఉమ్మనీరు పోయినా ప్రయాణం ఆగిపోయినట్టే.

14 నుంచి 28 వారాల మధ్య అయితే వాంతులు తగ్గి ఉంటాయి, కాన్పు నొప్పుల భయమూ తక్కువ. ఈ లెక్కన జూలై 20లోపు తెచ్చుకోండి, శ్రీమంతం ఇక్కడే చేసుకోవచ్చు. నెలసరి తేదీ గుర్తులేకపోతే మూడో నెలలో తీసిన స్కానింగ్‌లోని తేదీనే నమ్మండి.

29 వారాలు దాటితే ఎమిరేట్స్ డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతుంది. ఒక్క బిడ్డేనా, కాన్పు తేదీ ఎప్పుడు, ఇబ్బందులేమైనా ఉన్నాయా, ఏ తేదీ వరకు ప్రయాణించవచ్చు అన్నవి అందులో ఉండాలి. ‘ప్రయాణించవచ్చు’ అని ఒక్క ముక్క రాసిన చీటీతో వెళితే వెనక్కి పంపవచ్చు. ఒక్కో సంస్థకు ఒక్కో గడువు, టికెట్ కొనేముందే చూడండి. సర్టిఫికెట్, స్కానింగ్ రిపోర్టులు, బ్లడ్ గ్రూపు, వాడే మందుల చీటీ చేతిసంచిలోనే ఉండాలి, లగేజీలో కాదు. హిమోగ్లోబిన్ 7.5 కన్నా తక్కువుంటే ముందు రక్తం సంగతి చూడండి.

ప్రశ్న: 24 వారాల నా భార్య డాలస్ వెళ్తోంది. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ వేసుకొమ్మంటున్నారు. (నల్లగొండ)

జవాబు: చెప్పినవాళ్లు డాక్టర్లు కాదని తెలుస్తూనే ఉంది. ఈ పనికి ఆస్పిరిన్ వద్దు. డాక్టర్ వేరే కారణంతో రాసి ఉంటే మాత్రం మానొద్దు. గర్భంలో రక్తం త్వరగా గడ్డకట్టే గుణం పెరుగుతుంది, కడుపు బరువు కాళ్ల నుంచి పైకి వచ్చే రక్తాన్ని అడ్డుకుంటుంది. దానికి గంటల తరబడి కూర్చోవడం తోడైతే ముప్పు పెరుగుతుంది. ఆ కూర్చోవడం నల్లగొండలో కారెక్కినప్పుడే మొదలవుతుంది, శంషాబాద్‌లో కాదు. మోకాలి వరకు వచ్చే బిగుతు మేజోళ్లు కొనండి. పొద్దున్నే, వాపు రాకముందు పిక్క, చీలమండ కొలత ఇచ్చి తీసుకోవాలి. నడవ పక్క సీటు తీసుకుని, మెలకువగా ఉన్నంతసేపు అరగంటకోసారి లేచి నడవాలి, నీళ్లు తాగాలి. ఇదివరకు గడ్డకట్టినవాళ్లకు హెపారిన్ ఇంజెక్షన్ అవసరం కావచ్చు, అది డాక్టరే చెప్పాలి.

రెండు కాళ్లూ కొద్దిగా వాస్తే కంగారు లేదు. ఒక్క కాలే, ఎక్కువగా ఎడమది, వాచి పిక్క నొప్పెడితే, లేదా ఉన్నట్టుండి ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దిగిన కొన్ని వారాల వరకూ ఇది గుర్తుంచుకోండి.

ప్రశ్న: కవలలు, 33 వారాలు. ఢిల్లీకి రెండు గంటలే కదా, వెళ్లవచ్చా?

జవాబు: వద్దు. కవలలకు గీత 32 వారాల దగ్గరే.