ఒక చోటికి ఒకే ఫ్రేము

గుంటూరు మిర్చి యార్డులో పనోరమా తీశారు. ఇంటికొచ్చి అతికిస్తే, టిక్కీ మోస్తున్న కూలీ ఒంట్లోంచి వెనక మిరపరాశి ఎర్రగా కనబడుతోంది. నాలుగడుగుల అవతల మళ్లీ ఆయనే. సాఫ్ట్‌వేర్‌ను తిట్టకండి. మీరు తేల్చలేదు కాబట్టి అది రెండు ఫ్రేములనూ కలిపేసింది. ఇక్కడ మధ్యేమార్గం పనికిరాదు. ఏ జాగాకు ఏ ఫ్రేమో మీరే తేల్చాలి.

నాకూ ఇదే జరిగింది. ఎడమ నుంచి కుడికి ఆరు నిలువు ఫ్రేములు తీశాను. పక్కపక్క ఫ్రేములకు మూడో వంతు ఉమ్మడి. కూలీ కూడా అటే నడుస్తున్నాడు. మూడో ఫ్రేములో కుడి అంచు దగ్గర ఉన్నాడు, ముఖం చక్కగా పడింది. నాలుగోదానికి నడిమధ్యకు వచ్చేశాడు. ముఖం మీద మోజుతో మూడోది ఉంచి, హుగిన్‌లో `Masks` తెరిచి, నాలుగో ఫ్రేములో ఆయన చుట్టూ `Exclude region` గీశాను. అక్కడ నల్లటి బొక్క పడింది! నాలుగో ఫ్రేము నడిమి భాగాన్ని మరే ఫ్రేమూ చూడలేదు మరి. ఖాళీని పూడ్చడానికి మిరపరాశి ఎక్కణ్నుంచి వస్తుంది?

కాబట్టి బాగున్న మనిషి కోసం వెతక్కండి, చెరిపితే కింద నేల దొరికే చోటు చూడండి. మూడో ఫ్రేములో ఆయన నిలబడ్డ జాగా నాలుగోదానిలో ఖాళీగా ఉంది. ముఖాన్ని వదులుకుని మూడోదాంట్లోనే చెరిపాను. ఒక్క మాస్కుతో ఇద్దరూ ఒకరయ్యారు. మనిషి రెండు ఫ్రేముల ఉమ్మడి జాగాలోనే ఉంటే మాత్రం నచ్చిన ఫ్రేములో `Include region` గీస్తే చాలు, ఆ జాగాలో రెండోది తప్పుకుంటుంది.

గీత ఒంటికి ఆనించి గీయకండి, కాస్త ఎడంగా పోనివ్వండి. నీడనూ లోపలికి తీసుకోండి. నేను మొదట నీడ మరిచాను. మనిషి లేడు, సిమెంటు నేల మీద టిక్కీ నీడ మిగిలింది. గీత రాశి మీదుగా పోతే అతుకు దాగుతుంది, నున్నటి నేల మీద పోతే బయటపడుతుంది. మాస్కుల కన్నా ముందు, కూలీ మీదా కదిలే ఆటో మీదా పడ్డ కంట్రోల్ పాయింట్లు తీసేసి మళ్లీ ఆప్టిమైజ్ చేయండి. లేదంటే అవి ఫ్రేములనే పక్కకు లాగుతాయి. అయ్యాక నూరు శాతం సైజులో కాళ్లూ చక్రాలూ లెక్కపెట్టండి.

ఇదంతా తప్పించుకునే దారి యార్డులోనే ఉంది. జనం నడిచే దిక్కుకు ఎదురుగా కెమెరా తిప్పండి, అదే మనిషి వరసగా ఫ్రేముల్లో పడటం తగ్గుతుంది. ఉమ్మడి భాగం సగానికి పెంచండి, రెండు చివరలూ తప్ప ప్రతి చోటుకూ రెండో ఫ్రేము దొరుకుతుంది. ఎవరైనా అడ్డం వస్తే, ఆయన దాటిపోయాక కెమెరా కదపకుండా అక్కడే ఇంకొకటి నొక్కండి.