మూడు వారాలు దాటిన పొడి దగ్గు



దగ్గు ఒక లక్షణం మాత్రమే. దాని వెనుక ఏ జబ్బు ఉందో తెలుసుకోకుండా సిరప్ సీసాలు మార్చడం వల్ల ఉపయోగం లేదు. జలుబుతో వచ్చిన దగ్గు చాలామందికి మూడు వారాల లోపే పోతుంది. కొందరిలో ఎనిమిది వారాల దాకా సాగినా, జ్వరం లేకుండా రోజురోజుకూ తగ్గుతూ వస్తుంది. తగ్గకుండా నిలిచిపోయిన దగ్గుకే కారణం వెతకాలి.

సాధారణ కారణాలు

మొదటిది ఉబ్బసం. పిల్లికూతలు లేకుండా ఒట్టి పొడి దగ్గుగా కూడా ఇది రావచ్చు. తెల్లవారుజామున, ఆట ఆడిన తరువాత, గది ఊడ్చేటప్పుడు లేచే దుమ్ముకు దగ్గు ఎక్కువవుతుంది. రెండవది ముక్కు వెనుక నుంచి గొంతులోకి కారే జలుబు నీరు. మూడవది పులితేన్పులు, ముఖ్యంగా తినగానే పడుకునేవారిలో. నాలుగవది బోదకాలు పురుగు వల్ల కలిగే ఈసినోఫీలియా. ఇందులో రాత్రిపూట విడవని పొడి దగ్గు వస్తుంది, రక్త పరీక్షలో ఈసినోఫిల్స్ బాగా పెరిగి కనిపిస్తాయి. మన పూర్వ విద్యార్థులలో బి.పి.కి ఎనలాప్రిల్ వంటి మాత్రలు వాడేవారికి ఆ మాత్ర వల్లే దగ్గు రావచ్చు. అలాంటివారు తమంతట తాము మాత్ర మానకుండా డాక్టరుకు చెప్పాలి.

ఇక క్షయ. "నాకు గళ్ళ పడడం లేదు, కాబట్టి టి.బి. కాదు" అని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. క్షయ తొలి దశలో పొడి దగ్గుగానే ఉండవచ్చు.

పరీక్ష ఎప్పుడు?

"మూడు వారాల దగ్గు, మూడు గళ్ళ పరీక్షలు" అన్నది పాత సూత్రం. 2009లో దీనిని రెండు వారాలకు, రెండు నమూనాలకు మార్చారు. కాబట్టి మూడు వారాలు దాటిందంటే ఇప్పటికే ఆలస్యమైనట్టు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, గళ్ళలో రక్తపు చార, ఇంట్లోగాని గదిలోగాని క్షయ రోగి ఉండడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రెండు వారాల కోసం కూడా ఆగకూడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకే గదిలో ఇద్దరు విద్యార్థులకు నాలుగు వారాలుగా పొడి దగ్గు. మొదటివాడికి ఆకలి బాగుంది, బరువు తగ్గలేదు, కబడ్డీ ఆడాక దగ్గు వస్తుంది. రెండవవాడికి సాయంత్రం ఒళ్ళు వెచ్చబడుతుంది, ప్యాంటు వదులైంది. మొదటివాడిది ఉబ్బసం కావచ్చు, రెండవవాడిది క్షయ కావచ్చు. అయినా ఇద్దరికీ ఛాతీ ఎక్స్‌రే, గళ్ళ పరీక్ష అవసరమే. ఎందుకంటే లక్షణాలు అనుమానాన్ని కలిగిస్తాయే గాని నిర్ధారించవు. ఎక్స్‌రే కూడా అంతే. అందులో కనిపించే మచ్చ పాత న్యుమోనియాది కావచ్చు. మచ్చ లేకపోయినా తొలి దశ క్షయ ఉండవచ్చు. గళ్ళలో క్రిమి దొరికితేనే రుజువు.

గళ్ళ ఇచ్చే విధానం

ఉదయం లేవగానే మంచినీళ్ళతో నోరు పుక్కిలించాలి. మనుషులకు దూరంగా, ఆరుబయట నిలబడి రెండు మూడుసార్లు గాలి నిండుగా పీల్చి, ఛాతీ లోపలి నుంచి దగ్గి డబ్బాలో ఉమ్మాలి. 2 నుంచి 5 మిల్లీలీటర్లు చాలు. నీళ్ళలా, నురుగుగా ఉంటే అది ఎంగిలి. చిక్కగా, జిగటగా ఉంటేనే గళ్ళ. ఎంగిలి ఇచ్చినవారికి జబ్బు ఉన్నా "లేదు" అని ఫలితం రావచ్చు. ఎంత దగ్గినా గళ్ళ రాకపోతే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఉప్పునీటి ఆవిరి పట్టించి గళ్ళ తెప్పించే పద్ధతి ఉంది.

సూక్ష్మదర్శినిలో కనపడాలంటే మిల్లీలీటరు గళ్ళలో సుమారు 5 వేల నుంచి 10 వేల క్రిములు ఉండాలి. సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు అంతకన్నా చాలా తక్కువ ఉన్నా పట్టగలవు. రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. పొడి దగ్గువారికి ఈ పరీక్షే మేలు. ప్రభుత్వ క్షయ నివారణ కార్యక్రమంలో ఇది ఉచితం. పరీక్షకు ముందు మందుల షాపులో లీవోఫ్లాక్సాసిన్ వంటి మాత్రలు కొని వాడకండి. అవి క్షయ క్రిమిని కొన్నాళ్ళు అణచి, జబ్బును దాచిపెడతాయి.

ఇంటికి పంపేస్తారా?

చాలామంది దగ్గును దాచేది ఈ భయంతోనే. ఒకప్పుడు క్షయ రోగులను మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి శానటోరియాలలో నెలల తరబడి ఉంచేవారు. 1956లో మన పొరుగున మద్రాసులో మొదలైన పరిశోధన ఇంటి దగ్గర మందులు వాడినవారికీ అంతే బాగా నయమవుతుందనీ, దానివల్ల ఇంట్లోవారికి అదనపు ముప్పు లేదనీ తేల్చింది. క్రమంగా మందులు వాడితే అంటించే గుణం త్వరగా తగ్గిపోతుంది. మందులకు లొంగే మామూలు క్షయకు ఆరు నెలల చికిత్స సరిపోతుంది. డాక్టరు సరేనన్నాక తరగతికి రావచ్చు.

గదిలోవారికి అసలు ప్రమాదం పరీక్ష చేయించుకోని దగ్గు నుంచే. కాబట్టి దగ్గు మొదలైన తేదీ నోటు పుస్తకంలో రాసుకోండి. రెండు వారాలు నిండిన రోజున వార్డెన్‌గారికి గాని ఏ.ఎన్.ఎం. గారికి గాని చెప్పి, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి.