పిరుదు కండరాల పెంపు: వారపు వ్యాయామ విభజన

ముప్పై నాలుగేళ్ల ఒక గృహిణి ఆరు నెలలుగా బరువులతో వ్యాయామం చేస్తున్నారు. మంగళవారం రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, బుధవారం స్క్వాట్, గురువారం హిప్ థ్రస్ట్ ఆమె క్రమం. శ్రమలో లోపం లేదు. అయినా హిప్ థ్రస్ట్ బరువు మూడు వారాలుగా 40 కిలోల వద్దనే నిలిచిపోయింది. దోషం వ్యాయామాలలో లేదు, వాటిని వరుస దినాలలో పేర్చడంలో ఉన్నది.

ఈ మూడింటి పని ఒకటి కాదు. హిప్ థ్రస్ట్‌లో వీపు పైభాగాన్ని బల్లకు ఆనించి, నడుముకు దిగువన ఉంచిన బరువును తుంటితో పైకి లేపుతారు. మోకాళ్లు మడిచి ఉండటం వలన తొడ వెనుక కండరాలు పొట్టిబారి, వాటి బలం తగ్గుతుంది. భారం అధికంగా పిరుదులపై పడుతుంది. స్క్వాట్ మన గుంజీళ్లకు దగ్గరి చుట్టం. లోతుగా కూర్చున్నప్పుడు పిరుదు కండరం సాగిన స్థితిలో భారం మోస్తుంది. అయితే తుంటి, మోకాలు ఒకేసారి ముడుచుకోవడం వలన తొడ వెనుక కండరాల పొడవు అంతగా మారదు. కనుక స్క్వాట్ ఎంత చేసినా ఆ కండరాలకు తగిన పని దొరకదు. ఆ లోటును తీర్చేది రొమేనియన్ డెడ్‌లిఫ్ట్. కండరాన్ని బరువుతో సాగదీస్తుంది గనుక, దాని నొప్పి తరచుగా రెండు రోజుల వరకు ఉంటుంది.

ఆ నొప్పితోనే ఆమె మరునాడు స్క్వాట్‌కు కూర్చునేవారు, లోతు తగ్గేది. గురువారానికి పిరుదులు అలసి ఉండేవి. మార్చిన క్రమం ఇది: సోమవారం హిప్ థ్రస్ట్ నాలుగు సెట్లు, ఆపై లెగ్ కర్ల్ మూడు సెట్లు. బుధవారం స్క్వాట్ మూడు సెట్లు. శుక్రవారం రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ మూడు సెట్లు, ఒక్కొక్క కాలితో స్ప్లిట్ స్క్వాట్ రెండు సెట్లు. ఎక్కువ నొప్పి మిగిల్చే పని వారాంతపు విశ్రాంతికి ముందు వచ్చింది.

సెట్టుకు ఎనిమిది పర్యాయాలతో ఆరంభించి, అన్ని సెట్లలోనూ పన్నెండు నిండిన తరువాతనే రెండున్నర కిలోలు కలిపారు. ప్రతి సెట్టునూ మరొక రెండు చేయగల ఓపిక ఉండగానే ఆపారు. ఎనిమిది వారాలకు హిప్ థ్రస్ట్ 47.5 కిలోలకు చేరింది. కొలనాడాలో తేడా మాత్రం ఇంత త్వరగా కనిపించదు; అందుకు నెలలు పడుతుంది.

హిప్ థ్రస్ట్‌లో పిరుదులకు బదులు తొడ ముందు భాగం మండితే పాదాలు శరీరానికి మరీ దగ్గరగా ఉన్నట్లు. తొడ వెనుక పట్టేస్తే మరీ దూరంగా ఉన్నట్లు. పైకి లేచినప్పుడు మోకాలి నుండి చీలమండ వరకు కాలు నిట్టనిలువుగా ఉండాలి. నడుము నొప్పి పుడితే తుంటికి బదులు వెన్ను వంగుతున్నదని గ్రహించి, బరువు తగ్గించి, గడ్డాన్ని ఛాతీ వైపు ఉంచి చేయాలి. నొప్పి కాలిలోకి పాకితే వ్యాయామం ఆపి వైద్యుని కలవాలి. గర్భిణులు, ఇటీవల ప్రసవించినవారు వైద్యుని అనుమతి తరువాతనే బరువు పట్టాలి.