జామీను సంతకం పెట్టలేనప్పుడు మాట ఎలా చెప్పాలి?

దాతగా పేరు పడిన మనిషిని అడిగేవాళ్లు ఎక్కువ. మావంటి జీతగాళ్లను డబ్బు కంటే సంతకం ఎక్కువగా అడుగుతారు. "సార్, ఏర్పేడు సెంటర్లో ఒక టీ తాగుదాం రండి" అన్న పిలుపు వెనుక చాలాసార్లు చీటీ జామీను కాగితం ఉంటుంది.

ఆ సంతకం బరువు ముందు లెక్క వేసుకోవాలి. నెలకు 20 వేల చొప్పున 25 నెలల 5 లక్షల చీటీ అనుకుందాం. మిత్రుడు అయిదో నెలలో పాడుకున్నాడు. ఇంకా 20 కంతులున్నాయి, అంటే సుమారు 4 లక్షలు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, జామీనుదారు బాధ్యత బాకీదారుతో సమానం. ముందు అతన్ని వసూలు చేసుకున్నాకే మన దగ్గరికి రావాలన్న నియమం లేదు. ఆ 4 లక్షలు మనమే కట్టగలమా? కట్టలేమంటే సంతకం మన స్తోమతకు మించింది.

ఒకసారి మేము ఇక్కడే తప్పు చేశాము. కాదనలేక "చూద్దాం భాయ్" అన్నాము. ఆయన మా మీద నమ్మకంతో మరొకరిని అడగలేదు. పది రోజులు గడిచాక కాదన్నాము. ఆయనకు కోపం వచ్చింది మేము కాదన్నందుకు కాదు, ఆ పది రోజులు పోయినందుకు.

కాబట్టి అదే టీ దగ్గర, నలుగురి ముందు కాకుండా, చెప్పేయాలి: "భాయ్, మీ మీద అనుమానం లేదు. ఇంత మొత్తం మా మీద పడితే ఇల్లు గడవదు. అందుకే ఎవరికీ జామీను పెట్టకూడదని నిర్ణయించుకున్నాము." నిజమైన కారణం ఒక్కటి చాలు. "ఇంట్లో ఒప్పుకోలేదు" అని సాకు చెబితే ఆయన ఇంటికే వచ్చి అడుగుతాడు. ఎవరికీ పెట్టము అన్నాక రేపు బావమరిదికీ పెట్టకూడదు. పెడితే ఆ మాట అబద్ధమైపోతుంది.

తర్వాత మనవల్ల అయ్యేది చెప్పాలి. ఫిక్సెడ్ డిపాజిట్టో, ఎల్‌ఐసీ పాలసీయో, స్థలం కాగితాలో జామీనుకు బదులు తీసుకుంటారేమో అడగడానికి ఆయనతో చీటీ ఆఫీసుకు వెళ్లవచ్చు. లేదా తిరిగి రాకపోయినా బాధపడని చిన్న మొత్తం ఇవ్వవచ్చు. ఈ రెండూ కుదరకపోతే ఊరికే ఆశ పెట్టకూడదు.

బనీ ఇస్రాయీల్ సూరా 28వ ఆయత్ సరిగ్గా ఈ సందర్భం గురించే: ఇవ్వలేని స్థితిలో ఉంటే మెత్తగా మాట్లాడమంటుంది. చేయి పూర్తిగా ముడుచుకోవద్దనీ, పూర్తిగా చాచి చతికిలపడవద్దనీ ఆ వెంటనే 29వ ఆయత్ చెబుతుంది.

ఆ శుక్రవారం మసీదు దగ్గర ముందుగా మనమే సలాం చెప్పాలి. తప్పించుకు తిరిగితేనే స్నేహం చెడుతుంది. కొన్నాళ్లకు ఆయన ఇంకేదో చిన్న పనికి మన గడప తొక్కితే, మనం కాదన్న తీరు ఆయన మనసు నొప్పించలేదన్నమాట.