వీడ్కోలు సభలో సంతాపం ధ్వనించకూడదు

ప్రశ్న: ఈ నెలాఖరున మా హెడ్మాస్టరు గారు రిటైరవుతున్నారు. సభలో నేను మాట్లాడాలి. అతిథుల్లో తెలుగు రానివారూ ఉన్నారు. ప్రసంగం ఎలా రాసుకోవాలి?
- ఒక ఉపాధ్యాయిని

జవాబు: అయిదు నిమిషాలు చాలమ్మా. వేదికపై ఉన్నవారిని ఒక్క వాక్యంలో సంబోధించి, నేరుగా ఒక సంఘటనలోకి వెళ్లండి. "క్రమశిక్షణకు మారుపేరు" అంటే ఎవరికీ ఏమీ కనిపించదు. "ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ణి గేటు దగ్గర ఆపి, ముందు 'అన్నం తిన్నావా?' అని అడుగుతారు" అంటే మనిషి కళ్లముందు నిలుస్తారు.

అతిథుల కోసం ఆ సంఘటన చెప్పగానే మూడు ఇంగ్లీషు వాక్యాలు చాలు. ప్రతి మాటకూ అనువాదం చెబితే సభ విసుగెత్తుతుంది. తడబడకుండా తెలుగు లిపిలోనే రాసుకోండి: "డియర్ గెస్ట్స్, వెన్ ఎ చైల్డ్ కేమ్ లేట్, అవర్ హెడ్మాస్టర్ ఫస్ట్ ఆస్క్‌డ్, హ్యావ్ యూ ఈటెన్? దట్ ఈజ్ హౌ హి రాన్ దిస్ స్కూల్. థాంక్యూ ఫర్ బీయింగ్ విత్ హిమ్ టుడే."

ముగింపులోనే చాలామంది పొరబడతారు. "ఆయన లేని లోటు తీరనిది", "శేష జీవితం" అన్నవి సంతాప సభను గుర్తుచేస్తాయి. వాటి బదులు, "మాస్టారూ, రేపటి నుంచి బెల్లు మీకోసం మోగదు. గేటు మాత్రం మీకోసం తెరిచే ఉంటుంది" అని ఆయన వైపు తిరిగి చెప్పి, నమస్కరించండి.