ఖాళీ గడులు, పెళ్లి మాటలు

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణానికి ఆనుకుని ఉన్న సాలువాలో నాకు తెలిసిన తెలుగు కుటుంబం ఒకటుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చి స్థిరపడిన వారి సంతతి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ మాట్లాడతారు. మొన్న ఆదివారం ఆ ఇంటి పిన్నిగారు ఒక కాగితం పట్టుకుని మా క్వార్టర్‌కు వచ్చారు. దాని మీద రెండు చదరాలు గీసి ఉన్నాయి. ఒకటి వాళ్లమ్మాయిది, రెండోది చూడటానికి వచ్చిన అబ్బాయిది.

"బాబూ, నువ్వు లెక్కల మనిషివి కదా, ఇది చూడు. అమ్మాయి చదరంలో సగానికి పైగా ఖాళీలేనట. ఇద్దరికీ నాలుగూ లేదు, ఎనిమిదీ లేదు. ఇంట్లో డబ్బు నిలవదని చెప్పారు. మీ బాబాయి వద్దనేస్తామంటున్నారు" అన్నారు.

సంబంధం మంచిది. అబ్బాయికీ అమ్మాయికీ ఒకరికొకరు నచ్చారు. అడ్డం వచ్చింది ఆ కాగితం ఒక్కటే. అందుకే అది తోసిపుచ్చకుండా కూర్చుని మొదటి నుంచీ వేసి చూశాను. ఇలాంటి కాగితం మన బ్యాంకు కుటుంబాల్లో ఎవరి చేతికైనా రావచ్చు కనుక, ఆ లెక్క ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

చదరం ఎలా వేస్తారు

తొమ్మిది గడుల ఈ చదరాన్ని చైనావాళ్లు లో షు అంటారు. లో నది నుంచి వచ్చిన తాబేలు వీపు మీద ఈ గుర్తులు కనిపించాయని వాళ్ల పురాణకథ. అంకెల స్థానాలు ఇవి:

4  9  2
3  5  7
8  1  6

అడ్డంగా, నిలువుగా, మూలల వెంట ఎటు కూడినా 15 వస్తుంది. దీన్ని తలకిందులుగా తిప్పితే పై వరుస 6 1 8, మధ్య వరుస 7 5 3, కింది వరుస 2 9 4 అవుతుంది. మన ఇళ్లలో రాగి రేకు మీద కనిపించే సూర్య యంత్రం అదే. అంటే చదరం మనకు కొత్త కాదు. 1356లో నారాయణ పండితుడు తన గణిత కౌముదిలో ఇలాంటి చదరాలకు ఒక అధ్యాయమే కేటాయించాడు.

పుట్టిన తేదీని ఇందులో వేసే పద్ధతి సులభం. రోజు, నెల, సంవత్సరం పూర్తిగా రాసి, సున్నాలు వదిలేసి, మిగిలిన ప్రతి అంకెనూ దాని గడిలో వేస్తారు. ఒకే అంకె రెండుసార్లు వస్తే రెండుసార్లు రాస్తారు. మన దేశంలో చాలామంది దీనికి మరో రెండు అంకెలు కలుపుతారు. రోజు అంకెలు కూడితే వచ్చేది మూలాంకం. తేదీ మొత్తం కూడితే వచ్చేది భాగ్యాంకం. ఇవి కూడా వేశాక ఏ గడి ఖాళీగా మిగిలితే అది ‘లేని అంకె’.

పెళ్లి విషయంలో ఒక్కో ఖాళీకి ఒక్కో అర్థం చెబుతారు. 1 లేకపోతే మనసులో మాట పైకి చెప్పరు. 2 లేకపోతే ఎదుటివారి నొప్పి త్వరగా పట్టదు. 4 లేకపోతే ఇంటి పనిలో క్రమం ఉండదు. 5 లేకపోతే నిలకడ తక్కువ. 6 లేకపోతే ఇంటివాళ్ల మీద ప్రేమ ఉన్నా చూపించరు. 8 లేకపోతే డబ్బు విషయంలో పట్టు ఉండదు. 9 లేకపోతే ఇతరుల కష్టం ఆలోచించరు. ఒకరికి లేనిది మరొకరికి ఉంటే జంట ఒకరినొకరు నింపుకుంటుందని, ఇద్దరికీ లేనిది ఆ సంసారానికి బలహీనమైన చోటని చెబుతారు.

ఆ కాగితం మీది రెండు తేదీలు

వాళ్ల కుటుంబం గుర్తుపట్టకుండా తేదీలు కొంచెం మార్చాను, లెక్క తీరు మాత్రం అదే. అబ్బాయి 23-07-1996. అంకెలు 2, 3, 7, 1, 9, 9, 6. ఖాళీగా మిగిలినవి 4, 5, 8. మూలాంకం 2+3, అంటే 5. మొత్తం కూడితే 37, దాన్ని కూడితే 10, మళ్లీ కూడితే భాగ్యాంకం 1. ఈ రెండూ వేస్తే 5 గడి నిండుతుంది, 4, 8 మిగులుతాయి.

అమ్మాయి 12-10-2001. అంకెలు 1, 2, 1, 2, 1. అంతే. నిండిన గడులు రెండు, ఖాళీలు ఏడు. మూలాంకం 3, భాగ్యాంకం 7 కలిపితే ఖాళీలు ఐదుకు తగ్గుతాయి: 4, 5, 6, 8, 9. ఇద్దరికీ లేనివి 4, 8. పిన్నిగారికి చెప్పిన మాట లెక్క ప్రకారం సరిగ్గానే ఉంది.

ఇక్కడే ఒక సంగతి గమనించండి. అబ్బాయికి నిలకడ ఉందా లేదా అన్నది మూలాంకం కలిపారా లేదా అన్నదాన్ని బట్టి మారిపోయింది. అబ్బాయి మాత్రం మారలేదు. కనుక ఎవరైనా ఇలాంటి కాగితం ఇస్తే, మొదట అడగవలసింది ఏ పద్ధతిలో వేశారని.

ఖాళీ ఎక్కడి నుంచి వచ్చింది

పిన్నిగారిని ఎక్కువ బాధపెట్టింది అమ్మాయికి 9 లేదన్న మాట. "ఇతరుల కష్టం పట్టదట బాబూ. నాకు జ్వరం వస్తే రెండు రాత్రులు నిద్రపోని పిల్ల" అన్నారు.

అప్పుడు రెండు తేదీలు రాసి చూపించాను. 31-12-1999న పుట్టిన బిడ్డకు ఒకటికి మూడు తొమ్మిదులు ఉంటాయి. మరునాడు, 01-01-2000న పుట్టిన బిడ్డకు తేదీలో ఉన్నవి రెండు ఒకట్లు, ఒక రెండు. అదే ఆసుపత్రిలో, పక్క మంచం మీద, కొన్ని గంటల తేడాతో పుట్టినా అంతే. 1900 నుంచి 1999 వరకు పుట్టిన ప్రతి ఒక్కరికీ 1, 9 సంవత్సరంలోనే వచ్చేస్తాయి. మంచివాడికీ వస్తాయి, చెడ్డవాడికీ వస్తాయి. 2001లో పుట్టినవాళ్లకు 9 రావాలంటే తేదీలో సెప్టెంబరైనా ఉండాలి, 9, 19, 29లలో ఒక రోజైనా ఉండాలి. అలాంటి రోజులు ఆ ఏడాదిలో 62. మిగిలిన 303 రోజుల్లో పుట్టిన వారెవరి తేదీలోనూ 9 ఉండదు.

ఇంకొంచెం ముందుకు వెళ్లాను. 1900లలోని ఏ తేదీ అయినా, మూలాంకం, భాగ్యాంకం కలపకుండా, గరిష్ఠంగా ఏడు గడులనే నింపగలదు. 23-04-1956 అలాంటిది. అంటే కనీసం రెండు ఖాళీలు ప్రతి ఒక్కరికీ తప్పవు. 2000 నుంచి 2029 వరకు పుట్టేవారికైతే గరిష్ఠం ఐదు గడులే. కనీసం నాలుగు ఖాళీలు ఖాయం. ఇప్పుడు పెళ్లి సంబంధాల్లో తొంభైల అబ్బాయిలు, రెండువేల తర్వాతి అమ్మాయిలు కలుస్తున్నారు. కాబట్టి రెండు చదరాలు పక్కపక్కన పెడితే చాలాసార్లు అమ్మాయిదే బోసిగా కనిపిస్తుంది. అది అమ్మాయి గుణం కాదు, శతాబ్దం మారడం వల్ల వచ్చిన తేడా.

మరి ఇద్దరికీ లేని 4, 8 సంగతి? నెలల్లో 4 ఏప్రిల్‌కే వస్తుంది, 8 ఆగస్టుకే వస్తుంది. రోజుల్లో ఒక్కోటి నెలకు మూడుసార్లు. 2001లో ఈ రెండు అంకెలూ లేని తేదీలు లెక్కపెడితే 244 వచ్చాయి, అంటే ఏడాదిలో మూడింట రెండు వంతులు. 1996లోనూ దాదాపు అంతే. మూడింట రెండును మూడింట రెండుతో గుణిస్తే తొమ్మిదింట నాలుగు. ఆ రెండు సంవత్సరాల్లో పుట్టినవారిని కళ్లు మూసుకుని జతకట్టినా, ప్రతి తొమ్మిది జంటల్లో సుమారు నాలుగింటికి తేదీ అంకెల వరకు ఇదే ‘దోషం’ ఉంటుంది. ఇంత మందికి ఉన్నది ఒక జంట గురించి ప్రత్యేకంగా ఏం చెప్పగలదు?

తేదీ మీదే అనుమానం

బాబాయిగారు పక్కనే కూర్చుని అంతా వింటున్నారు. "మరి నాది వేయండి" అన్నారు. 15-06-1968. అంకెలు 1, 5, 6, 1, 9, 6, 8. మూలాంకం 6, భాగ్యాంకం 9. వాటితో కొత్త గడి ఏదీ నిండలేదు. ఖాళీలు 2, 3, 4, 7. "నాలుగు లేదంటే క్రమం లేదనా? ముప్పై ఏళ్లు షిఫ్టుకు ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు" అన్నారు నవ్వుతూ. వెంటనే పిన్నిగారు, "అసలు అది మీ పుట్టినరోజే కాదు కదా! బళ్లో వేసేటప్పుడు మాస్టారు రాసిన తేదీ. మీరు పుట్టింది సంక్రాంతి నెలలో అని అత్తగారు చెప్పేవారు" అన్నారు.

మన కౌంటర్లలో కూర్చున్నవారికి ఇది తెలిసిందే. పెద్దవాళ్ల కేవైసీ పత్రాలు చూస్తే జనవరి 1, జూలై 1 ఎన్నిసార్లు కనిపిస్తాయో! బళ్లో చేర్చిన రోజుకు వయసు సరిపోయేలా రాసిన తేదీలవి. ఖాతాకు అవి చాలు. చదరానికి మాత్రం వేరే మనిషి అంకెలు వేసినట్టే.

కాగితాన్ని ఏం చేయాలి

అంతా విన్నాక పిన్నిగారు అడిగారు: "అయితే చింపేయమంటావా?"

చింపేయవద్దన్నాను. ఈ చదరం మనిషి గురించి ఏమీ చెప్పకపోయినా, ఆ తొమ్మిది అంకెలకు పెట్టిన అర్థాలు మాత్రం సంసారంలో నిజంగా తగాదా వచ్చే చోట్లే. ఇంటి క్రమం, డబ్బు, మనసులో మాట చెప్పడం, అత్తమామల కష్టం. పెళ్లిచూపుల్లో ఎవరూ అడగని ప్రశ్నలు ఇవే. గడి ఖాళీగా ఉందా నిండిందా అని చూడకుండా, ప్రతి గడినీ ఒక ప్రశ్నగా మార్చి ఇద్దరినీ మాట్లాడుకోమనండి అన్నాను. ముఖ్యంగా ఆ 4, 8. ఎవరికి ఏ అప్పు ఉంది, ఎవరి అమ్మానాన్నలకు నెలనెలా ఎంత పంపాలి, జీతాలు ఒక ఖాతాలో వేస్తారా విడిగానా, ఇంటి పని ఎవరు ఎంత చేస్తారు.

తర్వాతి ఆదివారం అమ్మాయీ అబ్బాయీ గంటన్నర కూర్చుని మాట్లాడుకున్నారట. అబ్బాయికి చదువు అప్పు ఇంకా నాలుగేళ్లు కట్టవలసి ఉందని అప్పుడే బయటపడింది. దాచాలని కాదు, ఎవరూ అడగలేదు అన్నాడట. అమ్మాయి కూడా తన జీతంలో సగం తమ్ముడి చదువుకు పోతుందని చెప్పింది. ఏ చదరంలోనూ ఈ రెండు సంగతులూ లేవు. నాలుగేళ్ల పాటు ఎవరి జీతం దేనికి వెళ్లాలో ఇద్దరూ ఒక కాగితం మీద రాసుకున్నారు.

ముహూర్తం ఇంకా పెట్టలేదు. అప్పు సంగతి బాబాయిగారికి కొంచెం గుచ్చుకుంటూనే ఉంది. కానీ ఇప్పుడు ఆయన ఆలోచిస్తున్నది నిజమైన అంకె గురించి. పిన్నిగారు మాత్రం ఆ పాత కాగితం వెనకవైపునే పిల్లలిద్దరూ వేసుకున్న లెక్క రాయించి బీరువాలో దాచారు.