చిన్న ఇంక్యుబేటర్‌లో కోడిగుడ్లకు ఎంత వేడి కావాలి? ఒక డిగ్రీ తేడా వస్తే ఏమవుతుంది?

పై వీడియోలో చూపించింది ఫ్యాన్ ఉన్న చిన్న థర్మాకోల్ ఇంక్యుబేటర్. ఇలాంటి దాంట్లో వేడి 37.5 డిగ్రీలు ఉండాలి, ఫారెన్‌హీట్‌లో చెప్పాలంటే 99.5. ఫ్యాన్ లేని పెట్టెలో వేడిగాలి పైకి చేరి కింద చల్లగా ఉంటుంది కాబట్టి, గుడ్ల పైభాగం ఎత్తులో కొలిచి 38.5 దగ్గర పెట్టుకోవాలి.

మూత తీసినప్పుడు డిస్‌ప్లేలో అంకె ఒక్కసారిగా పడిపోతే కంగారు పడకండి. గాలి త్వరగా చల్లారుతుంది గానీ గుడ్డు లోపల వేడి నిదానంగా తగ్గుతుంది. గంటసేపు కరెంటు పోయినా మూత తీయకుండా పైన దుప్పటి కప్పితే చాలావరకు నష్టం ఉండదు. అసలు దెబ్బ రోజుల తరబడి ఉండిపోయే తేడాతోనే.

మూడు వారాలూ ఒక డిగ్రీ తక్కువగా నడిస్తే పిల్లలు 21వ రోజున కాకుండా 22, 23 రోజులకు వస్తాయి. పొట్టలు ఉబ్బి, కాళ్ల మీద సరిగా నిలబడలేవు. రెండు డిగ్రీలు తగ్గితే పూర్తిగా తయారైన పిల్లలు కూడా చాలావరకు గుడ్డులోనే చనిపోతాయి.

ఎక్కువైతే ఇంకా ప్రమాదం. ఒక డిగ్రీ పెరిగితే పిల్లలు ఒక రోజు ముందే, చిన్నగా, బొడ్డు మానకుండా బయటికొస్తాయి. ఆ బొడ్డు నుంచే చీము పట్టి మొదటి వారంలో చనిపోతుంటాయి. రెండు డిగ్రీలు పెరిగి అలాగే ఉంటే బతికేవి కొన్నే. 14 రోజులు దాటాక పిల్ల సొంతంగా కూడా వేడి పుట్టిస్తుంది. అందుకే ఎండాకాలంలో ఆఖరి వారం రేకుల షెడ్డులో పెట్టె ఉంచొద్దు.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. డిస్‌ప్లేలో ఎప్పుడూ 37.5 చూపించింది, అయినా పిల్లలు 22వ రోజు సాయంత్రానికి, పొట్టలు ఉబ్బి వచ్చాయి అనుకోండి. అంటే లోపల నిజంగా వేడి తక్కువుందని, సెన్సారే ఎక్కువ చూపిస్తోందని అనుమానించాలి. తేల్చుకోడానికి ఇంట్లో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ చాలు. గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి, థర్మామీటర్ కొననీ సెన్సార్ లోహపు కొననీ పక్కపక్కనే ముంచి, నీళ్లు కలుపుతూ ఉండండి. తేమ కూడా కొలిచే సెన్సార్ అయితే నీళ్లలో ముంచొద్దు, పలుచని ప్లాస్టిక్ కవర్‌లో గట్టిగా చుట్టి పెట్టండి. బీప్ వచ్చినప్పుడు థర్మామీటర్ 99.5 చూపిస్తే, అంటే 37.5, అదే క్షణంలో డిస్‌ప్లేలో 38.4 ఉందనుకోండి. సెన్సార్ 0.9 ఎక్కువ చెబుతోందన్నమాట. కాబట్టి వచ్చే విడతకు సెట్టింగ్ 38.4 పెట్టాలి, అప్పుడు లోపల 37.5 ఉంటుంది.

సెన్సార్‌ను బల్బు పక్కన కాకుండా గుడ్ల మధ్యలో, గుడ్డు ఎత్తులో వేలాడదీయండి. బల్బుకి దగ్గరగా ఉంటే సెన్సార్ సరైనదే అయినా గుడ్ల దగ్గర వేడి తక్కువే ఉంటుంది.